మూడో గడి

రాజమణి చనిపోయి నాలుగు నెలలు. అయినా ప్రతి సాయంత్రం ఆన్‌లైన్‌లోకి వస్తూనే ఉంది.

ఆ మాట చెప్పడానికే ఆమె తమ్ముడు ప్రహ్లాద్ ఉప్పుగూడలో మా ఇంటి దాకా వచ్చాడు. బండి స్టాండ్ వేశాడు గానీ గడప దాటలేదు. మొఘల్‌పురాలో వాడికి ఫోన్ కవర్ల దుకాణం ఉంది. ముందు గదిలో కవర్లు, రీచార్జ్, జిరాక్స్. వెనక గదిలో పందేలు. పందేల ఎక్స్‌ఛేంజ్‌కు వాడు ఏజెంటు. ఈ ఆట మా రాష్ట్రంలో నిషేధం, అందుకే వెనక గది. ఎవరికి ఐడీ కావాలన్నా వాడే తెరుస్తాడు. ఎవరి ఐడీ ఎప్పుడు తెరిచి ఉందో వాడి ఫోన్‌లో పచ్చచుక్కగా కనబడుతుంది.

"బావా, నువ్వు కోపం జెయ్యకు. అక్క ఐడీ రోజూ ఎలుగుతుంది" అన్నాడు. "దీపాలు పెట్టే యాళ్లకు ఎలుగుతది, జరసేపుండి ఆరిపోతది. మా ఆడిది తాయెత్తు కట్టించుకోమంటుంది."

"నేనే" అన్నాను.

"నువ్వా? నీకు ఆట రాదు కదా."

"ఆడను. తెరుస్తా, మూస్తా."

వాడు నా మొహంలోకి చూసి, తల తిప్పుకున్నాడు. ఎందుకని అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ని కాదు. గోడ మీద రాజమణి ఫోటో ఉంది. అది నన్ను చూస్తుంది, అంతకుమించి ఏమీ చెయ్యదు. ఐడీ అట్లా కాదు. పాస్‌వర్డ్ కొడితే పైన 'రాజమణి116' అని పేరు వస్తుంది, పక్కన చుక్క వెలుగుతుంది. ఆమె పేరు పక్కన ఈ లోకంలో ఇంకా ఏదైనా వెలుగుతోందంటే అదొక్కటే.

"అసలు సంగతి ఇను" అన్నాడు ప్రహ్లాద్. "పైనోళ్లు ఆట లేని ఐడీలన్నీ మూసేస్తున్నరు. ఈ నెల ఆఖరుకల్లా వెయ్యి రూపాయల ఆటన్న తిరగాలె. లేకపోతే మూత. బ్యాలెన్స్ సున్నా అయితే అప్పటికప్పుడే మూత."

"అందులో ఎంతుంది?"

"అక్క ఎప్పుడూ ఉంచేదే. పదకొండు వందల పదహారు."

గెలిచిందంతా తీసేసి అంతే ఉంచేది. నిషేధమున్న ఆటలో కూడా ఆమెకు శుభసంఖ్య కావాలి.

"నేను కొంచెం వేస్తాను."

"పడవు. ఐడీ ఎవల పేరు మీదుంటే వాళ్ల బ్యాంకు ఖాతా నుంచే పైసలు రావాలె. అక్క ఖాతా ఏమైంది?"

మూయించేశాను. డెత్ సర్టిఫికెట్ ఇచ్చి, సంతకాలు చేసి, పాస్‌బుక్కుకు చిల్లులు పొడిపించుకొని తెచ్చుకున్నాను. బ్యాంకు ఆమెను మూసేసింది. ఆస్పత్రి మూసేసింది. రేషన్ కార్డు మూసేసింది. మిగిలింది ఇదే. దీనికి కూడా ఒక మాసాంతం ఉంది.

"శనివారం పొద్దుగూకాల రా" అన్నాడు. "ఫుట్‌బాల్ ఉంది. అక్క ఎట్ల ఆడుతుండెనో గట్లనే ఆడుదాం. ఒక్క పందెం. గోల్ పడంగనే బుక్ సెట్ చేసి బయటికొద్దాం. ఐడీ బతుకుతది."

* * *

రాజమణికి మా ఇంటి ముందు గదిలో మ్యాచింగ్ సెంటర్ ఉండేది. చీర తెస్తే జాకెట్ గుడ్డ, ఫాల్, లైనింగ్ రంగు కలిపి ఇచ్చేది. పికో మిషన్ తిప్పుతూ, ఎదురుగా ఫోన్ నిలబెట్టి, శనివారాలు ఫుట్‌బాల్ పందేలు ఆడేది. నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఇంజన్ మసితో వచ్చి కూర్చుంటే, ఫోన్ మీద నుంచి కళ్లు తియ్యకుండా అడిగేది.

"మ్యాచ్ అయిందా?"

జాకెట్ గుడ్డ గురించా, పందెం గురించా తెలిసేది కాదు. ఎక్స్‌ఛేంజ్‌లో మనం పందెం పెడితే సరిపోదు. దాన్ని ఎదుర్కొనేవాడు అవతల ఒకడు దొరకాలి. దొరికితే మ్యాచ్ అయినట్టు. దొరకకపోతే పందెం లేనట్టే, ఎంత కొట్టినా గాలిలో ఉన్నట్టే. ఆ ముక్క ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. నేను వినలేదు. ఆడవాళ్ల జూదం అని నవ్వాను.

చనిపోయాక కూడా ఆ ప్రశ్న ఇంట్లోంచి పోలేదు. సాయంత్రం స్టేషన్‌లోకి ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలు వచ్చి, కిటికీ ఊచలు అదిరి, మళ్లీ నిశ్శబ్దమయ్యేటప్పుడు మిషన్ వైపు నుంచి వినబడుతుంది. మ్యాచ్ అయిందా? నేను జవాబివ్వను. ఐడీ తెరుస్తాను. చుక్క చూస్తాను. మూస్తాను.

* * *

శనివారం ప్రహ్లాద్ వెనక గదిలో ఒక టీవీ, రెండు కుర్చీలు, చార్జర్ల పెట్టెలు. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం, ఇక్కడ దీపాల వేళ. ఎర్రచొక్కాల జట్టుకూ తెల్లచొక్కాల జట్టుకూ ఆట. జట్ల పేర్లతో నాకు పని లేదు.

నా ఫోన్‌లో మూడు వరుసలు కనబడ్డాయి. ఎర్ర జట్టు, తెల్ల జట్టు, డ్రా. ప్రతి వరుసకూ ఒక నీలం గడి, ఒక గులాబీ గడి.

"నీలంది లగాయి. గెలుస్తది అని పెట్టుడు. గులాబీది ఖాయి. గెలువదు అని అవతలోని పందెం తినుడు" అన్నాడు ప్రహ్లాద్. "ఎర్ర జట్టు రేటు మూడుంది. వెయ్యి లగాయి కొట్టు. గెలిస్తే నీకు రెండు వేలు లాభం. తెల్ల జట్టు గెలిచినా, డ్రా అయినా వెయ్యి పోతది. సరేనా?"

"సరే."

"ఇగ ఎర్ర జట్టు గోల్ కొట్టింది అనుకో. రేటు పడిపోతది. ఒకటిన్నరకొస్తది. అప్పుడు గులాబీ గడి నొక్కి రెండు వేలు ఖాయి కొట్టు. అంటే ఒకడు ఎర్ర జట్టు మీద పెట్టిన రెండు వేల పందెం నువ్వు తిన్నవ్. ఎర్ర జట్టు గెలిస్తే వానికి నువ్విచ్చేది వెయ్యి. ముందు వచ్చిన రెండు వేలల్ల నుంచి ఇస్తవ్, వెయ్యి మిగులుతది. గెలువకపోతే వాని రెండు వేలు నీయి. ముందు పోయిన వెయ్యి పోను మళ్ల వెయ్యే. మూడు వరుసలు పచ్చ, అంటే లాభం. ఎవడు గెలిచినా నీకు ఒక్కటే. గదే బుక్ సెట్. సమజైందా?"

తల ఊపాను. కొత్త ఇంజన్లు వచ్చినప్పుడు డిపోలో ట్రైనింగ్ ఇస్తే అప్పుడూ ఊపాను.

బుక్ సెట్ నాకు తెలియని మాట కాదు. మా డిపోలో క్రికెట్ మీద సెట్ చేసేవాళ్లు రోజూ ఉండేవారు. ఒక జట్టు మీద పెడతారు, దాని రేటు పడగానే రెండో జట్టు మీద పెడతారు. రెండు వైపులా పచ్చ. అందులో ఈ ఖాయిలు, లెక్కలు లేవు.

వెయ్యి లగాయి కొట్టాను. మ్యాచ్ అయింది. బ్యాలెన్స్‌లో నూట పదహారు మిగిలింది.

"రాజమణి116" అని పైన పేరు. పక్కన చుక్క.

"అక్కే ఆడుతున్నట్టుంది" అన్నాడు ప్రహ్లాద్.

"నోరు మూసుకో."

సగం ఆట ఏమీ లేకుండా గడిచింది. విరామం అయ్యి మళ్లీ మొదలైన కాసేపటికి ముందు గదిలో ఎవడో అరిచాడు.

"ప్రహ్లాద్ భాయ్! గ్లాస్ లగా దో, జల్దీ!"

"ఆయా భాయ్, ఆయా. ఏక్ మినిట్!" నా వైపు తిరిగాడు. "బావా, ఫోన్‌కు గ్లాస్ అతికిచ్చి వస్తా. గోల్ పడితే గులాబీది, రెండు వేలు. యాదుంచుకో."

వాడు వెళ్లిన కాసేపటికే మూడు వరుసలూ బూడిదరంగుకు మారాయి. టీవీలో ఏమీ కాలేదు. ఎర్రచొక్కా వాడు ఒకడు బంతిని మెల్లగా పక్కకు తన్నుతున్నాడు. ఫోన్ చెడిందనుకున్నాను. తర్వాత తెలిసింది. టీవీ బొమ్మ వెనకబడి వస్తుంది. మైదానంలో గోల్ పడగానే మార్కెట్ ఆపేస్తారు. మనకు ముందు గడులు ఆగుతాయి, గోల్ తర్వాత కనబడుతుంది.

ఇప్పుడు తలుచుకుంటే ఆస్పత్రి గుర్తొస్తుంది. అక్కడ కూడా ముందు మంచం పక్క మానిటర్ తెర మారింది. డాక్టర్ తర్వాత వచ్చి చెప్పాడు. ఆ మధ్యలో ఉన్న కాసేపు ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. అప్పటికే పోయిన మనిషితో మాట్లాడుతూ ఉన్నాను.

టీవీలో గోల్ పడింది. ఎర్ర జట్టు.

గడులు మళ్లీ తెరుచుకున్నాయి. ఎర్ర జట్టు ఒకటిన్నర. ప్రహ్లాద్ చెప్పినట్టే. గులాబీ గడి నొక్కి, రెండు వేలు కొట్టబోయి ఆగాను. పైన నూట పదహారే ఉంది. రెండు వేలు ఎక్కడివి? లేని డబ్బుతో పందెం తినడం ఏమిటి? వీడు నన్ను ముంచుతున్నాడు.

తినే పందేనికి రెండు వేలు చూపించనక్కర్లేదనీ, ముందు పెట్టిన పందెమే దాన్ని కాస్తుందనీ నాకు తెలియదు. తెలుసుకోవడానికి ముందు గదిలోకి ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదు. నలభై ఏళ్లు ఇంజన్లు విప్పినవాణ్ని, ఫోన్ కవర్లు అమ్మేవాణ్ని అడగాలా?

తెల్ల జట్టు రేటు పది ఉంది. ఉన్న నూట పదహారూ దాని మీద లగాయి కొట్టాను. మ్యాచ్ అయింది. ఎర్ర జట్టు వరుస పచ్చ, పద్దెనిమిది వందల ఎనభై నాలుగు. తెల్ల జట్టు వరుసా పచ్చే, నలభై నాలుగు. రెండు వైపులా సెట్. డిపోలో చేసేవాళ్ల కంటే బాగా చేశాననుకున్నాను.

ప్రహ్లాద్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం బావా, సెట్టేనా?"

ఫోన్ చూపించాను. వాడి మొహం మారింది.

"ఇదేంది? డ్రా ఏమైంది? మూడో గడి చూడవా నువ్వు?"

చూశాను. మూడో వరుస ఎర్రగా ఉంది. మైనస్ పదకొండు వందల పదహారు. ఐడీలో ఉన్నదంతా.

"క్రికెట్ చేతులు!" అని తల కొట్టుకున్నాడు. "మస్తు మంది ఇట్లనే మునిగిండ్రు. క్రికెట్‌ల రెండే. ఇందుల మూడు బావా, మూడు! ఎవలూ గెలువకపోవుడు సుత ఒక గెలుపే ఈడ. అక్క మొదటి దినం నుంచే ముందు మూడో గడి చూసేది."

చూసేది. ఆమె అనడం కూడా నాకు గుర్తుంది. మిషన్ తిప్పుతూ తనలో తనే అనుకునేది. ఇటు కాదు, అటు కాదు, మధ్యలోది ముందు చూడాలి. చీరంచుల గురించి అనుకున్నాను.

"ఇంకా ఏం కాలే" అన్నాడు ప్రహ్లాద్, కుర్చీ దగ్గరికి లాక్కొని. "ఆట నడుస్తనే ఉంది. ఎర్ర జట్టు ఒకటి నలభై ఉంది. పదకొండు వందల పదహారు ఖాయి కొట్టు. డ్రా సున్నాకొస్తది, కడమ రెండూ పచ్చనే ఉంటయి. ఐడీకి ఏం గాదు. పైసలు అడగదు అది, కొట్టు."

రాజమణి ఉంచే సంఖ్యే. గులాబీ గడి నొక్కాను. 1116 అని కొట్టాను. రేటు దగ్గర ఒకటి నలభై అని ఉంది. దాన్ని ఒకటి ముప్పైకి దించాను.

"అట్లెందుకు?"

"అడిగిన ధరకు ఎవడు కొంటాడు?"

మొఘల్‌పురాలో, చార్మినార్ దగ్గర, గాజుల నుంచి గుమ్మడికాయ దాకా చెప్పిన ధరకు నేను ఏదీ కొనలేదు. సగం నుంచి మొదలుపెడతాను. ఇక్కడ పది పైసలే దించాను.

"బావా, ఇది గాజుల దుకాణం కాదు. ఒకటి నలభైకి అవతల మనిషున్నడు. ఒకటి ముప్పైకి లేడు. నీ పందెం గాలిల ఉంది, మ్యాచ్ కాలే. సూడు, మ్యాచ్ కాలే అని పసుపుపచ్చగ రాసే ఉంది."

"వస్తాడు. టైం గడిస్తే రేటు పడుతుంది కదా."

"పడుతది, గోల్ పడకపోతే! పడితే మార్కెట్ ఆగుతది, మ్యాచ్ కాని పందెమంతా రద్దయితది. పది పైసల కోసం చూస్తున్నవా? ఒకటి నలభై కొట్టు."

"కాసేపు ఆగు."

"అక్క గిట్ల ఒక్కనాడు జెయ్యలే. బేరం దుకాణంలనే, గోల్ పడ్డంక బేరం లేదు, ఉన్న రేటుకు కొట్టి బయటపడాలె అంటుండె."

"మీ అక్క పేరు ఎత్తకు."

"ఎత్తకుంటే ఎట్ల? పైన రాసున్నదే ఆమె పేరాయె!"

రేటు ఒకటి ముప్పై ఎనిమిదికి వచ్చింది. ఒకటి ముప్పై ఆరు. వస్తోంది. నాదే నిజమవుతోంది. ప్రహ్లాద్ గోళ్లు కొరుకుతున్నాడు. ఒకటి ముప్పై నాలుగు.

గడులు బూడిదరంగుకు మారాయి.

టీవీలో బంతి మైదానం మధ్యలో ఉంది. తెల్లచొక్కా వాడు ఒకడు దాన్ని అందుకొని అటూ ఇటూ చూస్తున్నాడు. జనం ఇంకా అరవలేదు. గోల్‌కీపర్ చేతి తొడుగు సర్దుకుంటున్నాడు. అది అయిపోయిన ఆట అని వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ప్రహ్లాద్‌కు తెలుసు. ఇద్దరం కదలకుండా కూర్చొని, అయిపోయినదాన్ని జరుగుతున్నట్టు చూశాం. బంతి కుడికి పోయింది. గాల్లోకి లేచింది. తలకు తగిలి వలలోకి వెళ్లింది.

ఒకటి ఒకటి.

నా 1116 పందెం తెర మీద లేదు. రద్దు.

గడులు తెరుచుకున్నాక మూడో వరుస రేటు ఒకటి అరవై. ఆట ముగియడానికి ఎంతోసేపు లేదు.

"ఇంకా దారుంది" అన్నాడు ప్రహ్లాద్, గొంతు తగ్గించి. "లాభం ముచ్చట ఇడిచిపెట్టు. నష్టం ఒప్పుకో. డ్రా మీద ఏడు వందలు లగాయి కొట్టు. ఏది వచ్చినా ఐడీల నాలుగు వందలన్న మిగులుతయి. సున్నా కాదు బావా. ఐడీ బతుకుతది. మనకు కావల్సింది గదే కదా?"

అదే. పొద్దున్నుంచి కావలసింది అదొక్కటే. వెయ్యి తిరగాలి, సున్నా కాకూడదు. లాభం నాకు అక్కర్లేదు. వెయ్యి ఎప్పుడో తిరిగింది.

నీలం గడి మీద వేలు పెట్టాను. నొక్కితే ఓడినట్టు. నా చేత్తో నేను ఓటమిని కొన్నట్టు. ఇలాంటప్పుడు రాజమణి ఒక మాట అనేది. నష్టం వస్తున్నప్పుడు ఫోన్ ముందు కూర్చొని, మొహంలో ఏమీ లేకుండా అనేది. ఏమనేదో గుర్తు రాలేదు, ఆ మాట వినబడుతుందేమోనని చూశాను. ఇంట్లో రోజూ పిలవకుండా వచ్చేది, నేను వద్దనుకున్నా వచ్చేది, ఇప్పుడు వస్తుందనుకున్నాను. ముందు గదిలో జిరాక్స్ మిషన్ తిరిగింది. వీధిలో హారన్లు. ఆమె లేదు.

"కొట్టు బావా."

"ఎర్ర జట్టు ఇంకోటి కొడుతుంది."

"కొట్టకపోతే?"

"కొడుతుంది."

"నువ్వు సచ్చినా మారవు" అన్నాడు. నా చేతిలోని ఫోన్ అందుకోబోయాడు. నేను గుండెకు అదుముకున్నాను. మా ఇద్దరి వయసుకూ ఆ పెనుగులాట బాగుండలేదు. వాడు ఒగర్చుతూ కుర్చీలో కూలబడ్డాడు.

ఎర్ర జట్టు కొట్టలేదు. తెల్ల జట్టూ కొట్టలేదు. విజిల్ వేశారు. ఆటగాళ్లు ఒకరి చేతులు ఒకరు తాకి నవ్వుకున్నారు. ఎవరూ ఓడలేదు.

పైన బ్యాలెన్స్ సున్నా అని మారింది. పేరు ఉంది. చుక్క ఉంది. చూస్తూ కూర్చున్నాను. ప్రహ్లాద్ ఫోన్ తీసి, వారం గడువిమ్మని, ముసలాయనని పైవాళ్లను హిందీలో బతిమాలాడు. భాయ్, ఏక్ హఫ్తా. భాయ్, బుజుర్గ్ హై. అవతలివాడు నవ్వడం నాకు వినబడింది. చుక్క ఆరింది. తెర మళ్లీ మొదటికి వచ్చి పేరు అడిగింది. 'రాజమణి116' అని కొట్టాను. అలాంటి పేరుతో ఎవరూ లేరని వచ్చింది.

"చాయ్ చెప్పనా?" అన్నాడు ప్రహ్లాద్.

చెప్పులేసుకొని బయటికి వచ్చాను.

ఇంటికి వచ్చి లైటు వెయ్యలేదు. ఇప్పటిదాకా ఆమె ఆ చుక్కలో ఉందనుకున్నాను. ఇప్పుడు ఇల్లు ఖాళీ అయి ఉండాలి, ఆ ప్రశ్న కూడా ఇక రాకూడదు. అదొక్కటే నాకు దక్కిన లాభం అనుకొని మంచం మీద కూర్చున్నాను.

రైలు వచ్చింది. ఊచలు అదిరాయి. ఆగాయి.

"మ్యాచ్ అయిందా?"

మిషన్ వైపు నుంచి. ఎప్పటి గొంతే. నా వైపు చూడకుండా అడిగినట్టు.

నాలుగు నెలల్లో మొదటిసారి జవాబిచ్చాను.

"కాలేదు."

మరునాడు సాయంత్రం కూడా అడిగింది. ఇప్పుడు నొక్కడానికి ఏమీ లేదు. జవాబు ఒక్కటే ఉంది. రోజూ చెబుతున్నాను.